అద్దెలో ఇంటి పన్ను, పెయింటింగ్ ఖర్చు ఏది తగ్గుతుంది?

"కర్నూలులో ఇల్లు నెలకు 15,000కు అద్దెకిచ్చాను. పోయినేడాది బాకీతో కలిపి ఈ మార్చిలో ఇంటి పన్ను 12,000 కట్టాను. పెయింటింగ్‌కు 40,000 అయింది. రిటర్న్‌లో ఇవన్నీ తీసేయొచ్చా?"

అన్నా, ఇంటి పన్ను మొత్తం 12,000 తీసేయొచ్చు. అది ఏ ఏడాది బాకీ అన్నది కాదు, ఏ ఏడాది కట్టారన్నదే లెక్క. మార్చి 31 దాటి కట్టుంటే మాత్రం వచ్చే ఏడాది లెక్కలోకి పోయేది. ఇంకో సంగతి, కట్టింది మీరే అయ్యుండాలి. అద్దెకున్నవాళ్లు కట్టిన పన్ను మీకు తగ్గదు.

లెక్క వరుస ముఖ్యం. ఏడాది అద్దె 1,80,000లో ముందు పన్ను తీసేస్తే 1,68,000 మిగులుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ 30 శాతం దీని మీదే, అంటే 50,400. మిగిలిన 1,17,600 మీ మిగతా ఆదాయంలో కలుస్తుంది. చాలామంది మొత్తం అద్దె మీదే 30 శాతం వేసి 54,000 తీసేస్తారు. అలా చేస్తే ఆదాయం 3,600 తక్కువ చూపినట్టవుతుంది, అది తప్పు.

పెయింటింగ్ విడిగా తగ్గదు. మరమ్మతులు, సున్నాలు, ప్లంబింగ్ అన్నిటికీ కలిపి ఇచ్చిందే ఆ 30 శాతం. మీరు రూపాయి ఖర్చు పెట్టకపోయినా అంతే, లక్ష పెట్టినా అంతే. బిల్లులు చూపించక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నా ఇది దొరుకుతుంది, కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

ఫారంలో 12,000ను `Tax paid to local authorities` దగ్గర వేయండి. 30 శాతం అదే లెక్కేసుకుంటుంది. మున్సిపల్ కార్పొరేషన్ రసీదు మీద తేదీ కనిపించేలా ఒక కాపీ దాచుకోండి, నోటీసు వస్తే అడిగేది అదే.