ప్లాన్ షీట్ చూశాక ఎవరిని ఏ స్టేషన్‌లో పెట్టాలి?

"కొత్తగా లైన్ సూపర్‌వైజర్‌నయ్యాను. షిఫ్ట్ మొదట్లో ప్లాన్ చూసి, ఎవరికి ఏ పని ఇవ్వాలో తేల్చుకునేలోపే పావుగంట పోతోంది. మీరెలా చేస్తారు?"

ముందు మనుషుల పేర్లు పక్కన పెట్టి, ప్లాన్‌లో ఉన్న అంకెని సెకన్లలోకి మార్చండి. నేను చూసిన ఒక అసెంబ్లీ లైన్ లెక్క చెప్తాను. షిఫ్ట్ 480 నిమిషాలు, అందులో భోజనం, టీ, మొదట్లో మీటింగ్ కలిపి గంట తీసేస్తే 420 నిమిషాలు, అంటే 25,200 సెకన్లు. ప్లాన్ 800 అయితే ప్రతి 31.5 సెకన్లకి ఒక పీస్ బయటికి రావాలి.

ఇప్పుడు స్టేషన్లు చూడండి. మాకు అయిదు, వాటి టైమ్ వరసగా 27, 29, 36, 25, 28 సెకన్లు. మూడోది స్క్రూలు బిగించే స్టేషన్, లైన్ మొత్తం దాని స్పీడ్‌లోనే నడుస్తుంది కాబట్టి మిగతా వాళ్ళు ఎంత చురుగ్గా చేసినా 700 దాటదు. అక్కడ "కొంచెం త్వరగా చెయ్యి బాబూ" అని అరిస్తే స్క్రూ వంకరగా దిగుతుంది, అంతే. ఆ స్టేషన్‌లో వైరుకి క్లిప్ పెట్టే 6 సెకన్ల పని ఉండేది, దాన్ని నాలుగో స్టేషన్‌కి ఇచ్చాం. మూడోది 30, నాలుగోది 31 అయింది. క్లిప్ స్క్రూల తర్వాత పెట్టినా చెయ్యి అందే చోటే ఉంది కాబట్టి కుదిరింది, ప్రాసెస్ ఇంజినీర్‌ని అడిగాకే మార్చాం.

ఇలా చేసినా గరిష్ఠంగా వచ్చేది 812. రెండు శాతం రిజెక్ట్ అయినా 796కి పడిపోతుంది, అందుకని ప్లానింగ్ వాళ్ళకి ఆ మాట షిఫ్ట్ మొదట్లోనే చెప్పేయండి, సాయంత్రం చెప్తే సాకులా వినిపిస్తుంది.

పేర్లు ఇప్పుడు రాయండి. స్క్రూల దగ్గర, క్లిప్ కలిసిన నాలుగో దాని దగ్గర బాగా చెయ్యి తిరిగినవాళ్ళు ఉండాలి. ఎవరైనా సెలవు పెట్టి కొత్త మనిషి వస్తే మొదటి స్టేషన్ మంచిది, 4 సెకన్లకి పైగా వెసులుబాటు ఉంది, తప్పు చేసినా రెండో స్టేషన్‌లో ఉన్న పాతవాళ్ళ కంట్లో పడుతుంది. చివరి చెకింగ్ మాత్రం కొత్తవాళ్ళకి వద్దు, దాని తర్వాత చూసేవాళ్ళు ఉండరు కదా.

ఆపరేటర్లకి 800 అని చెప్తే ఏమీ తెలియదు, గంటకి 114 అని చెప్పండి. మీటింగ్‌కి పది నిమిషాలు పోతే మొదటి గంటలో 95 వస్తే చాలు, దానికే టెన్షన్ పడి మనుషుల్ని అటూ ఇటూ మార్చేయకండి. 80 దగ్గరే ఆగితే లైన్ వెంట ఒకసారి నడవండి. పీసులు ఏ స్టేషన్ ముందు పేరుకుపోయి, దాని తర్వాతి వాళ్ళు ఖాళీగా చూస్తున్నారో ఆలస్యం అక్కడే. ఎక్కడా పేరుకోకుండా అందరూ ఖాళీగా ఉంటే మొదటి స్టేషనే వెనకబడిందన్నమాట, లేదా దానికి మెటీరియల్ అందట్లేదు, ముందు ట్రే చూడండి.