మాటను మాటగానే తీసుకునే మనిషికి వేళాకోళం ఎలా వివరించాలి?

"మాది గాజువాక. మా ఆయన ఎవరేమన్నా అక్షరాలా నమ్ముతారు. సంక్రాంతికి మా పుట్టింటికి భోజనానికి 40 నిమిషాలు ఆలస్యంగా వెళ్తే, మా తమ్ముడు 'ఇంత తొందరగా వచ్చేశారేంటి బావగారూ, పనేం లేదా?' అన్నాడు. తనను పనిలేనివాడన్నాడని ఈయన అప్పటినుంచి ఆ గడప తొక్కడం లేదు. ఏమని చెప్పను?"

అమ్మా, 'సరదాకి అన్నాడు, పట్టించుకోకండి' అని మాత్రం అనకండి. ఆ మాట ఆయనకు దేనినీ వివరించదు, పైగా నొచ్చుకోవడమే తన తప్పన్నట్టు వినిపిస్తుంది. సాగదీసిన గొంతునుబట్టి, కళ్లలోని నవ్వునుబట్టి చాలామంది వెటకారాన్ని క్షణంలో పసిగడతారు. ఆ గుర్తులు కొందరికి వెంటనే అందవు, దానికీ తెలివికీ సంబంధం లేదు. అందుకని గొంతు సంగతి పక్కన పెట్టి, ఆయన నిదానంగా ఆలోచించి తేల్చుకోగల ప్రశ్నలు ఇవ్వండి.

ఆ మాట అబద్ధమని అన్నవారికే తెలుసా అన్నది మొదటి ప్రశ్న. విస్తళ్లు వేసుకుని అందరూ ఎదురుచూస్తున్నారు కాబట్టి ఆలస్యమైందని మీ తమ్ముడికి తెలుసు, అతనికి తెలుసని మీ వారికీ తెలుసు. ఇద్దరికీ అబద్ధమని తెలిసిన మాటను ఎవరూ కబురుగా చెప్పరు గనుక, అక్కడ అర్థం తిరగబడి 'ఆలస్యం చేశారు, మీకోసమే కూర్చున్నాం' అవుతుంది. 'పనేం లేదా' అన్నది ఆ లేని తొందరకు తగిలించిన తోక. తొందరే నిజం కానప్పుడు తోక ఎలా నిజమవుతుందో ఆయననే చెప్పమనండి.

అదే ధోరణిలో తానూ తిరిగి అనవచ్చా అన్నది రెండోది. బావా బావమరదుల మధ్య మన ఇళ్లలో ఆ చనువు ఉంది. 'మీ అక్క ముస్తాబుకే సరిపోయింది' అని ఆయన అని ఉంటే మీ తమ్ముడు నవ్వేసేవాడు. తిరిగి అనలేని పై అధికారి అన్నా, జీతం, ఒంటిరంగు, పిల్లలు లేకపోవడం వంటి నిజమైన నొప్పిని ఎవరైనా పదేపదే కెలికినా, అది దెప్పిపొడుపే. అక్కడ ఆయన బాధ సరైనదే కాబట్టి సర్దుకోమని అడగకండి.

ఇదంతా నలుగురిలో చెప్పవద్దు. బీచ్ రోడ్డులో నడుస్తూ ఈ ఒక్క సంఘటననే విడదీసి చూడండి. పాతవన్నీ ఒకేసారి తవ్వితే విచారణలా ఉంటుంది. ఇకపై అనుమానం వస్తే అక్కడికక్కడే 'నిజంగానే అంటున్నావా, ఆటపట్టిస్తున్నావా?' అని అడగవచ్చని ఆయనకూ, అలా అడిగితే నవ్వకుండా సూటిగా జవాబివ్వాలని మీ వాళ్లకూ చెప్పండి. గొంతు వినపడని వాట్సాప్‌లో ఆయనతో వెటకారమే వద్దనండి.

ముందుగా మీ తమ్ముడి చేత ఫోన్ చేయించండి. 'బావగారూ, ఆలస్యమైందని ఆటపట్టించాను, మీకు పనిలేదని నా ఉద్దేశం కాదు' అని అతను తిన్నగా చెప్పాలి. అంతా అర్థమయ్యాక కూడా ఆ తరహా మాటలు తనకు నచ్చవని మీ వారు అంటే, మానుకోవలసింది మీ తమ్ముడే.