భోషాణం హాల్లో ఎక్కడ పెట్టాలంటే

చి.ల.సౌ. చిన్నికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తూ నానమ్మ భోషాణం, తాతయ్య పడక కుర్చీ నీకు పంపిస్తున్నామని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. మొన్న ఫోన్లో నువ్వు, "వాటికి మ్యాచ్ అయ్యేలా టీవీ యూనిట్, సోఫా కూడా టేకు రంగులోనే చేయించెయ్యనా పెద్దమ్మా?" అన్నావు. వడ్రంగికి అడ్వాన్స్ ఇవ్వకముందే నీకు ఈ ఉత్తరం అందాలని వెంటనే రాస్తున్నాను. టేకు రంగు వద్దమ్మా.

నేను చేసిన పొరపాటే అది. అదే ఇంటి నుంచి అద్దాల బీరువా నాకు వచ్చినప్పుడు, దాని పక్కన పెట్టడానికి టేకు రంగు మైకాతో టీవీ యూనిట్ చేయించాను. కొట్లో ముక్క చూసినప్పుడు అచ్చం అలాగే అనిపించింది. ఇంటికొచ్చి పొద్దుటి వెలుగులో చూస్తే బీరువా ఎర్రటి గోధుమ రంగు, యూనిట్ పసుపు. బీరువా చెక్కలో చార ఎక్కడికక్కడ మారుతుంది, మైకాలో అదే చార మళ్ళీ మళ్ళీ వస్తుంది. రెండూ దాదాపు ఒకటే కావడంతో కన్ను ఊరికే పోల్చి చూస్తూ ఉండేది. కొత్తది నకిలీలా, పాతది మాసినట్టు కనిపించేవి. రెండేళ్ళు చూసి చూసి, యూనిట్ తలుపులకు మెరుపు లేని మీగడ రంగు మైకా వేయించాను. ఆ రోజు నుంచీ బీరువా ఆ గదికి పెద్దదిక్కులా నిలబడింది.

అందుకే కొత్త చెక్క సామానంతా మీగడ రంగులోనో, లేత బూడిద రంగులోనో, మ్యాట్‌లో చేయించు. తళతళలాడే మైకా పక్కన పాత పాలిష్ వెలిసిపోయినట్టు ఉంటుంది. పాత చెక్క రంగును చిన్న చిన్న వాటిలో రెండు మూడు చోట్ల మళ్ళీ కనిపించనివ్వు. ఒక ఫొటో ఫ్రేము, దీపం స్టాండు, సోఫా మీద ఎర్ర మట్టి రంగు పోచంపల్లి దిండ్లు చాలు. భోషాణానికి ఇత్తడి బందులు, గొళ్ళెం ఉన్నాయి కదా, టీవీ యూనిట్ పిడులు కూడా స్టీలు కాకుండా మెరుపు తక్కువ ఇత్తడివి పెట్టించు. గదిలో అక్కడొకటి ఇక్కడొకటి ఆ రంగు, ఆ లోహం కనబడితే పాతదీ కొత్తదీ ఒకే ఇంటివి అనిపిస్తాయి. ఇంతకు మించి చెయ్యకు. దొరికిందల్లా ఇత్తడి కొంటే హాలు సామాన్ల కొట్టులా తయారవుతుంది.

ఇక పాలిష్ సంగతి. రాగానే ఎవరో ఒకరు "గీకించి కొత్తదానిలా చేయిస్తే బాగుంటుంది" అంటారు. ఒప్పుకోకు. మూత మీద ఎడమ పక్కన, నానమ్మ ఊరగాయ జాడీ దించీ దించీ పడిన గుండ్రటి మచ్చ ఉంటుంది. మిషన్ పెట్టి గీకితే దాంతోపాటు ఇన్నేళ్ళకు చెక్కకు వచ్చిన ముదురు రంగూ పోతుంది, కింద నుంచి లేత చెక్క బయటపడుతుంది. ముందు బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తు. తరవాత వెనకవైపు ఎవరికీ కనపడని చోట, పాలిష్‌వాళ్ళు వాడే స్పిరిట్‌లో దూది ముంచి అర నిమిషం అద్ది చూడు. అక్కడ జిగటగా మారి దూదికి గోధుమ రంగు అంటుకుంటే అది లక్క పాలిష్. అలాంటిదాన్ని గీకక్కర్లేదు. వెలిసిన చోట పనివాడు గుడ్డతో మళ్ళీ లక్క రుద్దితే సరిపోతుంది. దాని మీద పీయూ కోటింగ్ మాత్రం కొట్టించకు. ప్లాస్టిక్ తొడిగినట్టు ఉంటుంది, రేపు ఎక్కడైనా గీత పడితే ఆ ఒక్క చోటే సరిచేయడం కష్టం.

ఇంట్లోకి తెచ్చే ముందు పురుగు చూడాలి, ఇది మరిచిపోకు. అడుగున, వెనక పలకల్లో గుండుసూది తల అంత రంధ్రాలు ఉంటే, కింద తెల్ల కాగితం పరిచి వారం రోజులు వదిలెయ్యి. కొత్తగా పిండి రాలితే లోపల పురుగు బతికి ఉన్నట్టు. టేకు చేవ గట్టిదే కానీ, అడుగు పలకలు మామిడి చెక్కవి వేసిన పెట్టెలు చాలా చూశాను. మందు పెట్టించాకే లోపలికి తీసుకెళ్ళు, లేకపోతే కొత్త సామానుకు కూడా పట్టొచ్చు.

ఎక్కడ పెట్టాలన్నది నేను బాగా ఆలోచించాను. భోషాణం 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, చక్రాలతో కలిపి 3 అడుగుల ఎత్తు. దాని మీద టీవీ పెడదామని అబ్బాయి అన్నాడట. 43 అంగుళాల టీవీ సుమారు 22 అంగుళాల ఎత్తు ఉంటుంది. అది 36 అంగుళాల పెట్టె మీద కూర్చుంటే తెర మధ్య భాగం దాదాపు 4 అడుగుల ఎత్తుకు వస్తుంది. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను మూడున్నర అడుగుల దగ్గర ఉంటుంది. రోజూ మెడ ఎత్తి చూడాలి. పైగా మూత తెరవలేవు.

మీ హాలు 11 అడుగులు, 17 అడుగులు అన్నావు. 11 అడుగుల గోడకు, సింహద్వారంలోంచి రాగానే కనపడేలా, భోషాణాన్ని మధ్యలో ఒంటరిగా పెట్టు. రెండు పక్కలా మూడేసి అడుగులు ఖాళీ మిగులుతుంది, అక్కడేమీ పెట్టకు. గోడకు 4 అంగుళాలు ఎడం ఉంటే మూత వెనక్కి వాలుతుంది, చెమ్మ కూడా తగలదు. పైన ఒకే ఒక పెద్ద ఫొటో పెట్టు. పడక కుర్చీని దాని పక్కన కాకుండా, ఎదురు మూలలో కిటికీ దగ్గర వెయ్యి. రెండు పాతవీ ఒకచోట చేరిస్తే అది పాత సామాను మూల అయిపోతుంది. ఎదురెదురుగా ఉంటే గది మొత్తానికి అవి సంబంధం కలుపుతాయి. కాళ్ళు చాపుకునే చేతి పలకలు ముందుకు తిప్పినప్పుడు కుర్చీకి దాదాపు 5 అడుగుల చోటు కావాలి, ఎండ మాత్రం నేరుగా పడకూడదు.

భోషాణం నేలకు అతుక్కున్నట్టు బరువుగా కనపడే వస్తువు. సోఫా కూడా నేలదాకా ఉన్నదైతే గది నిండిపోయినట్టు ఉంటుంది. 5, 6 అంగుళాల సన్నటి కాళ్ళున్నది, కింద నేల కనపడేది కొను. ఇంకోటి, మీ హాల్లో తెల్లటి ట్యూబులైట్ల వెలుగులో టేకు బూడిద పట్టినట్టు ఉంటుంది. బల్బు డబ్బా మీద 3000 కెల్విన్ అని ఉన్నది తెచ్చి భోషాణం పక్కన ఒక దీపం పెట్టి చూడు, ఎరుపు ఎలా తేలుతుందో నీకే తెలుస్తుంది. ఏసీ గాలి మాత్రం నేరుగా కొట్టనివ్వకు, పలకలు పగులుతాయి.

పడక కుర్చీ పేము అల్లిక నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు. ప్లాస్టిక్ వైరుతో అల్లేస్తారు. ఈ లోపల మీ లిఫ్ట్ లోపలి ఎత్తు, వెడల్పు, లోతు కొలిచి నాకు పంపు. భోషాణాన్ని లిఫ్టులో నిలబెట్టి ఎక్కించాల్సి వస్తే మూతను తాడుతో గట్టిగా కట్టాలి, లేకపోతే పాత బందులు ఊడిపోతాయి. లిఫ్టులో పట్టకపోతే మెట్ల మలుపు కూడా కొలవాలి. కొలతలు వచ్చాకే లారీవాడికి తేదీ చెప్పమని మీ నాన్నతో అంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ