నీళ్లు పోస్తే మందు తగ్గదు

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివి, హనుమకొండలో బీ ఫార్మసీ మొదటి సంవత్సరంలో చేరాను. ఫార్మాస్యూటిక్స్‌లో పర్సంటేజీ, డైల్యూషన్, అలిగేషన్ లెక్కలు చూస్తేనే టెన్షన్ వస్తోంది. లెక్కలు పదో తరగతితోనే వదిలేశాను. కోర్సు మారడం మంచిదా? ఇంట్లో నాన్న పాలకేంద్రానికి పాలు పోసి ఫీజు కడుతున్నారు.

జవాబు: ఈ లెక్కల కోసమైతే కోర్సు మారొద్దమ్మా. వీటిలో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం దాటి ఏమీ లేదు. పిల్లలు తప్పేది లెక్క దగ్గర కాదు, ప్రశ్న చదివే దగ్గర. సూత్రం బట్టీ పట్టి, ఏ అంకె ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతారు. అందుకే సూత్రం కంటే ముందు ఒక అలవాటు చేసుకో. ఏ లెక్క వచ్చినా "ఇందులో అసలు మందు ఎంత ఉంది?" అని అడుగు. మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

శాతం అంటే నూటికి ఎంత అని నీకు తెలుసు. ఫార్మసీలో చిక్కు ఏమిటంటే, నూరు దేనిది అన్నది మారుతుంది. ఘనపదార్థాన్ని ద్రవంలో కరిగిస్తే డబ్ల్యూ బై వి, అంటే 100 మి.లీ. ద్రావణంలో ఇన్ని గ్రాములు. 5% డెక్స్‌ట్రోస్ సీసా 500 మి.లీ. ఉంటే అందులో డెక్స్‌ట్రోస్ 25 గ్రాములు. ద్రవంలో ద్రవం కలిపితే వి బై వి, 100 మి.లీ.లో ఇన్ని మి.లీ. ఆయింట్‌మెంట్ లాంటివాటికి డబ్ల్యూ బై డబ్ల్యూ, 100 గ్రాములలో ఇన్ని గ్రాములు.

ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకు. సింపుల్ సిరప్‌లో చక్కెర 66.7% డబ్ల్యూ బై డబ్ల్యూ. అంటే 667 గ్రాముల చక్కెరకు నీళ్లు చేర్చి మొత్తం బరువును 1000 గ్రాములకు తేవాలి. ల్యాబ్‌లో చాలామంది అలవాటుకొద్దీ 1000 మి.లీ. గీత దాకా నీళ్లు పోసేస్తారు. చిక్కటి సిరప్‌లో వెయ్యి గ్రాములు వెయ్యి మి.లీ. కంటే బాగా తక్కువ జాగాలోనే పడుతుంది. కాబట్టి గీత దాకా పోస్తే సిరప్ పల్చబడుతుంది. పల్చటి సిరప్ నిల్వ ఉండదు, బూజు పడుతుంది.

ఇప్పుడు డైల్యూషన్. గ్లాసు మజ్జిగలో రెండు గ్లాసుల నీళ్లు పోస్తే రుచి పలచబడుతుంది గానీ, అందులో ముందున్న పెరుగు ఎక్కడికీ పోదు. మందూ అంతే. పోసే ముందు ఉన్న మందు, పోసిన తర్వాత ఉన్న మందు సమానం. ఆ మాటనే సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది.

```
C1 × V1 = C2 × V2
```

C అంటే శాతం, V అంటే ఘనపరిమాణం. 1 పోసే ముందు, 2 పోసిన తర్వాత. ఒక లెక్క చూద్దాం. 20% ద్రావణం 50 మి.లీ. ఉంది, దాన్ని 5% చేయాలి. ఎన్ని నీళ్లు పోయాలి? ముందు మందు ఎంతో చూడు: 50 మి.లీ.లో 20% అంటే 10 గ్రాములు. ఆ 10 గ్రాములు 5% అయ్యేంత ద్రావణం 200 మి.లీ. చాలామంది ఇక్కడే 200 అని రాసి గీత గీసేస్తారు. నా మొదటి ఇంటర్నల్‌లో నేనూ అదే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. 200 అన్నది చివరికి ఉండాల్సిన మొత్తం. చేతిలో 50 ఉంది కదా, పోయాల్సిన నీళ్లు 150 మి.లీ. ప్రశ్నలో "ఎన్ని నీళ్లు" అన్నారా, "ఎంత మొత్తం" అన్నారా అన్నదాని కింద పెన్సిల్‌తో గీత పెట్టుకో.

ఆల్కహాల్ దగ్గర ఇంకో మెలిక ఉంది. 95% ఆల్కహాల్ నుంచి 70% ఆల్కహాల్ 500 మి.లీ. కావాలనుకో. 70ని 500తో గుణించి 95తో భాగిస్తే 368.4 మి.లీ. వస్తుంది. మిగిలిన 131.6 మి.లీ. నీళ్లు కొలిచి కలిపితే సరిపోతుంది అనిపిస్తుంది, కానీ సరిపోదు. ఆల్కహాల్, నీళ్లు కలిసినప్పుడు మొత్తం ఘనపరిమాణం కొంచెం కుదించుకుపోతుంది, గిన్నె వెచ్చబడుతుంది కూడా. కాబట్టి 368.4 మి.లీ. ఆల్కహాల్ తీసుకుని, నీళ్లు పోసి, చల్లారనిచ్చి, మళ్లీ 500 గీత దాకా నీళ్లు పోయాలి. జవాబులో "నీటితో 500 మి.లీ.కి పూర్తి చేయాలి" అని రాయి, "131.6 మి.లీ. కలపాలి" అని రాయకు.

అలిగేషన్‌కు వస్తే, ఇది మీ ఇంట్లో ఉన్న లెక్కే. గేదె పాలలో వెన్న 7%, ఆవు పాలలో 4% ఉన్నాయనుకో. రెండూ కలిపి 5% కావాలంటే ఏవి ఎక్కువ పోయాలి? 5 అనేది 4కు దగ్గర. కాబట్టి ఆవు పాలే ఎక్కువ. ఎంత ఎక్కువో చెప్పేదే అలిగేషన్.

పరీక్షలో వచ్చే రకం తీసుకుందాం. 10% సల్ఫర్ ఆయింట్‌మెంట్, 2% సల్ఫర్ ఆయింట్‌మెంట్ కలిపి 5%ది 200 గ్రాములు చేయాలి.

```
10        3
     5
 2        5
```

ఎడమవైపు ఉన్నవి రెండు, మధ్యలో కావాల్సింది. ఇప్పుడు ఏటవాలుగా తీసివేయి. 5లోంచి 2 పోతే 3, అది 10కి ఎదురుగా. 10లోంచి 5 పోతే 5, అది 2కి ఎదురుగా. అంటే 10% ఆయింట్‌మెంట్ 3 భాగాలు, 2%ది 5 భాగాలు, మొత్తం 8 భాగాలు. 200ను 8తో భాగిస్తే ఒక్క భాగం 25 గ్రాములు. కాబట్టి 10%ది 75 గ్రాములు, 2%ది 125 గ్రాములు.

ఇక్కడ ఆగకు, మళ్లీ అదే ప్రశ్న అడుగు. 75లో సల్ఫర్ 7.5 గ్రాములు, 125లో 2.5 గ్రాములు, కలిపితే 10. 200లో 5% కూడా 10. సరిపోయింది. ఈ చెకింగ్‌కు అర నిమిషం పడుతుంది. ఏటవాలుగా రాయాల్సిన అంకెల్ని ఎదురెదురుగా రాసేయడమే ఎక్కువగా జరిగే తప్పు, అది ఈ అర నిమిషంలో బయటపడుతుంది.

శాతం లేని నీళ్లు గానీ, మందు లేని బేస్ గానీ కలిపితే 2 ఉన్నచోట 0 రాయి, అంతే. కావాల్సిన శాతం మాత్రం ఎప్పుడూ రెండింటి మధ్యలోనే ఉండాలి. 10, 2 కలిపి 12 చేయమంటే ఏ పద్ధతితోనూ రాదు. అలాంటిది కనిపిస్తే ప్రశ్న తప్పుగా చదివావేమో చూసుకో. ప్రూఫ్ స్పిరిట్, ఐసోటానిక్ లెక్కలు కూడా ఇదే యూనిట్‌లో ఉన్నాయి. ఇవి చేతికి వచ్చాక వాటి జోలికి వెళ్లు, ఈ వారం వద్దు.

ఈ రాత్రి ఒక్కటి చెయ్యి. 90% ఆల్కహాల్, 30% ఆల్కహాల్ కలిపి 50%ది 600 మి.లీ. కావాలి. కుదించుకుపోవడాన్ని ఇక్కడ పట్టించుకోకు, కాగితం మీద లెక్క కట్టు. నీకు 200, 400 వస్తాయి. ఏది 200, ఏది 400 అన్నదే ప్రశ్న. సరిగ్గా పెడితే ఆల్కహాల్ మొత్తం 300 మి.లీ. వస్తుంది. తారుమారు చేస్తే 420.