బూజు పట్టిన శనక్కాయలు వేయించి తినొచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఈసారి చెనిక్కాయ పీకేటప్పుడు వాన పడింది. ఎండబెట్టి గోతాల్లో పోసి పెట్టినాం. ఇప్పుడు చూస్తే కొన్ని గింజలకు పచ్చగా బూజు, నోట్లో వేసుకుంటే చేదు. కడిగి, వేయించుకుంటే ఏమీ కాదని మా అత్త అంటోంది. కొన్ని గానుగకు ఇచ్చి, చెక్క ఆవుకు పెడుతున్నాం. మా ఆయనకు నెల నుంచి ఆకలి లేదు, నీరసం. నాలుగేళ్ల కిందట రక్తం ఇచ్చినప్పుడు హెపటైటిస్ బి ఉందన్నారు, బాగానే ఉన్నాడు కదా అని వదిలేసినాం. బూజు వల్ల లివర్ చెడుతుందంటే టెన్షన్‌గా ఉంది. మంచి లివర్ టానిక్ చెప్పండి.
– ఒక గృహిణి, చిత్తూరు జిల్లా

జవాబు: గింజల సంగతి తర్వాత చెబుతానమ్మా, ముందు మీ ఆయన సంగతి. హెపటైటిస్ బి ఉందని తెలిసి నాలుగేళ్లు ఒక్క పరీక్ష కూడా చేయించకపోవడం తప్పు. ఈ వైరస్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి మామూలుగానే కనిపిస్తారు, లోపల కాలేయం మెల్లగా గట్టిపడుతుంటుంది. నెల రోజుల నీరసానికి, ఆకలి లేకపోవడానికి కారణాలు చాలా ఉండొచ్చు. మనిషిని చూడకుండా ఇదీ అని నేను చెప్పలేను. కానీ ఆయన విషయంలో కాలేయాన్ని ముందుగా చూడాలి.

ఈ వారంలోనే తిరుపతిలోనో చిత్తూరులోనో గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించండి. లివర్ ఫంక్షన్ టెస్ట్, వైరస్ ఎంత ఉందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్ష, పొట్ట అల్ట్రాసౌండ్ మామూలుగా అడుగుతారు. మందు అవసరమా కాదా అన్నది వాటిని చూశాకే తేలుతుంది. మీరు, పిల్లలు కూడా రక్తపరీక్ష చేయించుకోండి. వైరస్ లేదని తేలి, ఇదివరకు టీకా పడనివాళ్లు మూడు డోసులూ వేయించుకోవాలి. ఈలోపు ఆయన కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, రక్తం కక్కినా, మలం నల్లగా వచ్చినా, మాట తడబడి మత్తుగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

టానిక్ పేరు అడిగారు, రాయను. బూజు విషాన్ని శరీరంలోంచి తీసేసే టానిక్ లేదు. కామెర్లకు పసరు పోయించుకుని, నెల రెండు నెలలు చూసి, పొట్టలో నీరు చేరాక వచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. కొన్ని ఆకు మందులు, పొడులు తామే కాలేయాన్ని దెబ్బతీస్తాయి. దయచేసి ఆ దారి పట్టకండి. మద్యం అలవాటుంటే ఈ రోజుతో ఆపించండి.

ఇక బూజు. పచ్చగా, పసుపు కలిసిన ఆకుపచ్చగా కనిపించేది చాలాసార్లు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం. అది తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్. అందులో బి1 రకం మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. హెపటైటిస్ బి ఉన్న మనిషి దీన్ని తింటూ ఉంటే కాలేయ క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. మీ ఇంట్లో రెండూ ఉన్నాయి. నేను తొందరపెడుతున్నది అందుకే.

అలాగని నాలుగు గింజలు తిన్నామని భయపడకండి. ఒక్కసారిగా విషం ఎక్కాలంటే చాలా మోతాదు కావాలి. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నను వారాల తరబడి రోజూ తిండిగా తిన్నారు. కామెర్లు, పొట్టలో నీరు వచ్చి వంద మందికి పైగా చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలకూ ఆ జబ్బే వచ్చింది. ఒకే ఇంట్లో పలువురికి, పెంపుడు కుక్కకు కూడా కలిసి జబ్బు చేస్తే అప్పుడు తిండిని అనుమానించాలి. మీ ఇంట్లో ఆయన ఒక్కరికే ఉంది, అందువల్ల గింజల మీద నెపం వేసి వైరస్‌ను మరిచిపోకండి.

మీ అత్తగారు చెప్పినట్టు కడిగితే పైబూజు పోతుంది, గింజలోకి దిగిన విషం పోదు. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, ఉడికించినా అంతే. పైగా విషం గింజలన్నిటిలో సమానంగా ఉండదు, కొద్ది గింజల్లోనే కుప్పగా ఉంటుంది. ఊరుబిండిలో అలాంటి గింజ ఒకటి పడినా గిన్నె మొత్తానికీ కలుస్తుంది. ముడుచుకున్నవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, చేదువి ఏరేస్తే విషం చాలావరకు తగ్గుతుంది. కానీ మీ గోతాల్లో బూజు కంటికే కనిపిస్తోంది, చేదు నోటికే తెలుస్తోంది. ఆ గోతాల్లోవి ఏరుకుని కూడా తినవద్దనే నా సలహా. మీ ఆయనకైతే అసలే పెట్టకండి.

గానుగలో ఆడిస్తే విషం ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది, కొంత నూనెలోకి దిగుతుంది. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేస్తే పోతుంది, పల్లె గానుగలో ఆ పని జరగదు. ఆ చెక్క తిన్న ఆవు పాలలోకి ఒక్కరోజులోనే ఎం1 అనే రూపంలో విషం వస్తుంది. కాచినా, తోడేసినా పోదు. చెక్క ఆపేస్తే కొద్ది రోజుల్లో పాలు శుభ్రపడతాయి. చిన్నపిల్లలు తాగే పాలు కాబట్టి ఈరోజే ఆపండి.

తప్పు ఎక్కడ జరిగిందంటే, నాకు తోచినంతలో మూడు చోట్ల. మన ఎర్ర నేలల్లో కాయ గట్టిపడే రోజుల్లో వాన ముఖం చాటేస్తే శిలీంధ్రం చేలోనే కాయలోకి చేరుతుంది. తర్వాత పీకే వేళకు వాన పట్టుకుంది. మీరు ఎండబెట్టామన్నారు గానీ పైన పొట్టు ఎండినంత మాత్రాన గింజ ఎండినట్టు కాదు. కాయలో తేమ 8 శాతానికి దిగాలి. మీటర్ లేకపోయినా ఇంట్లోనే చూసుకోవచ్చు. కాయ ఊపితే గింజ గలగలలాడాలి, వేళ్లతో నలిపితే గింజ పైపొర ఊడిరావాలి. అంతవరకూ పలచగా పరిచి, రోజూ తిప్పుతూ ఎండబెట్టాలి, రాత్రి మంచు పడకుండా టార్పాలిన్ కప్పాలి. మూడోది, గోతాలు నేరుగా సిమెంటు నేల మీద, గోడకు ఆనించి పెట్టి ఉంటారు. నేల తేమ అడుగు గోతాలకు ఎక్కుతుంది. చెక్కల మీద పేర్చి, గోడకు జానెడు ఎడం వదలండి. పైకప్పు కారకుండా చూసుకోండి.

ఒలిచి గింజలుగా నిల్వ చేయకండి, కాయగానే ఉంచండి. మిషన్‌లో సులువుగా ఒలవాలని, గింజ విరగకూడదని కాయల మీద నీళ్లు చల్లే అలవాటు మనవైపు ఉంది. ఆరబెట్టిన శ్రమంతా దాంతో పోతుంది. తడిసిన గింజను మళ్లీ గోతంలో పోస్తే బూజు రావడానికి రోజులు చాలు. వేపాకు కలిపితే పురుగుకు కొంత పనికొస్తుందేమో, బూజును ఆపదు. గాలి చొరబడని సంచులు మంచివే గానీ బాగా ఎండిన కాయకే. తడి కాయను అందులో మూస్తే ఇంకా పాడవుతుంది. మొక్కజొన్న నిల్వ ఉంటే దానికీ ఇదే జాగ్రత్త. దానికి ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషం బెడద కూడా ఉంది.

ఇప్పుడున్న బూజు గోతాలను సంతలో అమ్మకండి, కోళ్లకు కూడా వేయకండి, వాటికీ ఇది విషమే. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఊరికి దూరంగా గుంట తీసి పూడ్చేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ పాత రక్తదానం రిపోర్టు ఉంటే తీసుకెళ్లండి, ఆయన వాడిన పసరు, పొడి, మాత్ర ఏదైనా ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి.