గమ్ము పారవేయక ముందు ఒక ఫోను

కడప

నాయనా,

ఆశీస్సులు. నికోటిన్ గమ్ము మూడు రోజులు నమిలావనీ, వెక్కిళ్లు వచ్చాయే తప్ప బీడీ మీద యావ తగ్గలేదనీ మీ నాన్న చెప్పాడు. 2019లో నాకూ సరిగ్గా ఇదే జరిగింది. అందుకే గమ్మును పారవేయక ముందు 1800-11-2356 కు ఒకసారి ఫోను చేయమని రాస్తున్నాను. పొగాకు మానాలనుకునేవారికి సలహా ఇచ్చే ప్రభుత్వ క్విట్‌లైన్ ఇది, బీడీకట్టల మీద ముద్రించే నంబరే. డబ్బు ఖర్చు కాదు, తెలుగులోనూ మాట్లాడతారు.

అవతలి మనిషి మందలిస్తారేమోనని నేను భయపడ్డాను. వారు మొదట వయసు, రోజుకు ఎన్ని బీడీలు, ఎన్నేళ్లుగా, ఇదివరకు మానినప్పుడు మళ్లీ ఎందుకు మొదలైంది, గుండెజబ్బు వంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగి రాసుకున్నారు. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి బీడీ ముట్టిస్తావన్న ప్రశ్న చిన్నదిగా తోస్తుంది కానీ, అసలు సంగతి అందులోనే ఉంది. అరగంటలోపే అయితే శరీరం నికోటిన్‌కు బాగా అలవాటు పడినట్టు లెక్క. అటువంటివారికి 2 మిల్లీగ్రాముల గమ్ము చాలకపోవచ్చు. 4 మిల్లీగ్రాములది కావాలంటే డాక్టరు చీటీ ఉండాలి. ఫోనులో మందు ఇవ్వరు కనుక, ఆ పని డాక్టరు దగ్గరే జరగాలి.

తరువాత, గమ్ము ఎలా నములుతున్నానో చెప్పమన్నారు. టీ తాగిన వెంటనే నోట్లో వేసుకుని గబగబా నమిలి మింగుతున్నానని చెప్పగానే తప్పు దొరికింది. ఘాటు తగిలేవరకు మెల్లగా నమిలి, దాన్ని చెంపకూ చిగుళ్లకూ మధ్య ఆనించి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. నికోటిన్ చెంప లోపలి పొర గుండానే ఒంటికి పడుతుంది, మింగితే కడుపులోకి పోయి వెక్కిళ్లు తెస్తుంది. నమలడానికి పావుగంట ముందు నుంచీ నీళ్లు తప్ప ఏమీ తాగకూడదు.

మందు శరీరం పడే తహతహను తగ్గిస్తుంది. మిల్లు గేటు దగ్గర టీ గ్లాసు పట్టుకోగానే చెయ్యి జేబులోకి పోవడం మాత్రం తహతహ కాదు, అలవాటు. దాని మీద గమ్ముకు పట్టు లేదు. నా విషయంలో టీని ఆఫీసు లోపలికి మార్చాలనీ, కోరిక పుట్టినప్పుడు కొన్ని నిమిషాలు నీళ్లు తాగుతూ నడవాలనీ మాట్లాడుకుని, మానే తేదీని ఆ వారంలోనే పెట్టుకున్నాం. ఆ తేదీ తరువాత వారే తిరిగి ఫోను చేశారు. మొదటి వారమే అన్నిటికన్నా గడ్డుది గనుక ఆ ఫోను నన్ను నిలబెట్టింది. మందు ఒక్కటే వాడినవారిలో నూటికి సుమారు 17 మంది మానగలిగితే, దానికి సలహా కూడా తోడైనప్పుడు సుమారు 20 మంది మానగలిగారని పరిశోధనలు చెబుతున్నాయి. తేడా పెద్దది కాదు, కానీ ఆ అదనపు ముగ్గురిలో నేనున్నానని నా నమ్మకం.

వారికి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉంటారు. ఫోను చేసేటప్పుడు గమ్ము అట్ట చేతిలో ఉంచుకో, ఎన్ని మిల్లీగ్రాములదో అడుగుతారు.

మీ పెదనాన్న