సముద్రపు గాలికి ఏ ఫ్రేములు నిలుస్తాయి?

"భీమిలిలో బీచ్‌కి దగ్గర్లో ఇల్లు కడుతున్నాం. గుమ్మాలకు, కిటికీలకు చెక్క, ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్‌లో ఏది మేలు? బడ్జెట్ తక్కువ."

అన్నిటికీ ఒకటే వేయకండి. కిటికీలకు యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ ఫ్రేములు పెట్టించండి. ఉప్పుగాలికి తుప్పు పట్టదు, చెద పట్టదు, రంగుల ఖర్చు ఉండదు. కానీ తుపాను గాలికి పెద్ద కిటికీ వంగకుండా ఆపేది దాని లోపలి ఇనుప పట్టీయే. కొందరు డబ్బు మిగుల్చుకోవడానికి అది వేయరు. ఆర్డరు ఇచ్చే ముందు ఫ్రేము ముక్క కోయించి, లోపల జింకు పూత ఉన్న పట్టీ ఉందో లేదో కళ్లారా చూడండి. స్క్రూలు, బందులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. మామూలువైతే ఫ్రేము బాగానే ఉంటుంది, స్క్రూల దగ్గర గోధుమరంగు చారలు దిగుతాయి.

అల్యూమినియం పర్వాలేదు గానీ పౌడర్ కోటింగ్ ఉండాలి, పచ్చి సిమెంటు తగలకూడదు. ఇనుము మాత్రం వద్దు. చవకే, కానీ వెల్డింగ్ అతుకుల దగ్గర, నీళ్లు చేరే అడుగున తుప్పు మొదలవుతుంది. తర్వాత ఏటా గీకి రంగు వేయాల్సిందే.

వీధి గుమ్మానికి బాగా ఆరిన టేకు, లేదంటే వేప వాడండి. గోడలో నిలబెట్టకముందే గోడకు ఆనే వైపు, కింది కొసలకు చెదల మందు, ప్రైమరు పట్టించండి. తడి పీల్చేది ఆ కొసల నుంచే. బిగించాక అక్కడికి బ్రష్ వెళ్లదు.